బావగారికి రెజ్యూమే పంపే ముందు

చిట్టీ,

బావగారి కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం పడిందని, ఆయన్ని రిఫరల్ అడగాలంటే, అంటే కంపెనీకి నీ పేరు సూచించమనాలంటే, మొహమాటంగా ఉందని రాశావు. ఇన్నేళ్లు రిక్రూట్‌మెంట్ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అడగడంలో తప్పేమీ లేదు. అయితే మీ అమ్మ చేత అక్కకి ఫోన్ చేయించకు. ఆ మాట అత్తగారింటి నుంచి వెళ్తే ఆయన కాదనలేడు. నువ్వే నేరుగా మెసేజ్ పెట్టు.

ఒక్క సంగతి గుర్తుంచుకో. ముందే కంపెనీ సైట్‌లో అప్లై చేసేయకు. చాలా కంపెనీల్లో నీ ఈమెయిల్ అప్పటికే సిస్టమ్‌లో ఉంటే ఆ తర్వాత ఇచ్చిన రిఫరల్ లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల బంధువులను రిఫర్ చేస్తే బంధుత్వం చెప్పాలి, కొన్నిచోట్ల అసలు కుదరదు. అందుకే ఆయన కాదనడానికి నువ్వే దారి ఉంచాలి. నేనైతే ఇలా రాస్తాను:

"బావగారూ, నమస్తే. మీ కంపెనీ కెరీర్స్ పేజీలో టెస్టింగ్ ఉద్యోగం చూశాను. లింకు, జాబ్ ఐడీ కింద పెట్టాను. వాళ్లు రెండేళ్ల అనుభవం అడిగారు, నాకు రెండున్నరేళ్లు ఉంది. సెలీనియం మీద పని చేశాను. ఏపీఐ టెస్టింగ్ మాత్రం ఇప్పుడే నేర్చుకుంటున్నాను. రెజ్యూమే చూశాక మీకు సరిపోతుందనిపిస్తేనే రిఫరల్‌లో పెట్టండి. కుదరకపోతే కారణం చెప్పక్కర్లేదు. శుక్రవారం దాకా చూసి నేనే మామూలుగా అప్లై చేసుకుంటాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

శుక్రవారం అన్న మాట ఎందుకంటే, ఆయనకి ఇబ్బందిగా ఉంటే జవాబు ఇవ్వకుండానే ఊరుకోవచ్చు, నీ అప్లికేషనూ ఆగిపోదు. గడువు మరీ దగ్గరపడిన ఉద్యోగమైతే శుక్రవారం బదులు అంతకన్నా ముందు రోజు రాయి. రానిదాన్ని రాదని రాయమన్నది కూడా ఆయన కోసమే. రిఫరల్ ఫారంలో చాలాచోట్ల "ఈ అభ్యర్థి మీకెలా తెలుసు, ఎందుకు సరిపోతారు" అని అడుగుతారు. అక్కడ ఆయన రాసేది ఆయన పేరు మీద ఉంటుంది. నీ మెసేజ్‌లో ఆ రెండు వాక్యాలు సిద్ధంగా ఉంటే ఆయనకి ఐదు నిమిషాల పని. "ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి" అని రాస్తే మాత్రం నీకు తగినది వెతికే పని కూడా ఆయన నెత్తిన పడుతుంది.

రెజ్యూమే పీడీఎఫ్‌లో, ఫైలుకి నీ పేరు పెట్టి పంపు. "ఫైనల్ న్యూ 2" లాంటి పేర్లు వద్దు. ఆఫీసు వేళల్లో కాకుండా సాయంత్రం పంపు. బ్లూ టిక్ పడిందని వెంటనే ఇంకో మెసేజ్ పెట్టకు, ఫ్యామిలీ గ్రూపులో ఎత్తకు.

ఆయన రిఫర్ చేస్తే నీకు కంపెనీ నుంచి ఈమెయిల్ రావచ్చు. స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకుని అదే రోజు వివరాలు నింపు. అక్కడి నుంచి ఏం అడగాలన్నా హెచ్ఆర్ వాళ్లనే అడుగు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చినా రాకపోయినా ఆయనకి ఒక్క ముక్క చెప్పు, మళ్లీ ఎవరినైనా కనుక్కోమని మాత్రం అనకు.

రెజ్యూమే ముందు నాకు పంపు, రాత్రికి చూసి పెడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ