రెండో ఆఫర్‌ను కాదంటూ రాయవలసిన ఉత్తరం

ప్రశ్న: బెంగళూరులోని ఒక కంపెనీ ఆఫర్ లెటర్‌పై సంతకం చేసి పంపాను. నాలుగు రోజులకు హైదరాబాద్ కంపెనీ నుంచి డేటా అనలిస్ట్ ఆఫర్ వచ్చింది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. ఇంటర్వ్యూలో అక్కడి టీమ్ లీడ్ గారు నా తప్పును కూడా ఓపికగా సరిదిద్దారు. రెండు మూడేళ్ల తర్వాత ఆ కంపెనీలో చేరాలని ఉంది. ఇంట్లో ఆరోగ్యం బాగాలేదని రాసెయ్యమని స్నేహితులు అంటున్నారు. ఏం రాయాలి?

జవాబు: ముందుగా ఒక జాగ్రత్త. బెంగళూరు కంపెనీ మీ సంతకం అందిందని, ఫలానా తేదీన చేరాలని మెయిల్‌లో ధ్రువీకరించిందో లేదో చూసుకోండి. 2022లో ఎంపికైన కొత్త పట్టభద్రుల చేరికను కొన్ని ఐటీ సంస్థలు నెలల తరబడి వాయిదా వేశాయి. అందువల్ల తేదీ రాతపూర్వకంగా లేకపోతే ఈ రోజే అడగండి. అది చేతికందిన వెంటనే హైదరాబాద్ వారికి రాయండి, శుక్రవారం దాకా ఆగవద్దు. మీ తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థికి ఇంకా 'కాదు' అని చెప్పకుండా హెచ్ఆర్ వారు మీ జవాబు కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆ అభ్యర్థి ఈలోగా వేరే చోట చేరిపోతే వారు ఎంపికను మొదటి నుంచి చేయవలసి వస్తుంది. మంగళవారమే కాదని చెప్పిన మనిషినీ, శుక్రవారం సాయంత్రం చెప్పిన మనిషినీ వారు ఒకేలా గుర్తుంచుకోరు.

అనారోగ్యం సాకు మాత్రం వద్దు. నిజంగా మిమ్మల్ని కావాలనుకున్న సంస్థ అయితే, "పరవాలేదు, చేరే తేదీని రెండు నెలలు జరుపుతాం" అంటుంది, అప్పుడు మీరు ఇంకొక అబద్ధం వెతుక్కోవాలి. పైగా కొద్ది వారాల్లో మీ లింక్డ్‌ఇన్ పేజీలో బెంగళూరు కంపెనీ పేరు కనిపిస్తుంది. చాలా సంస్థల్లో అభ్యర్థుల వివరాలను నియామక సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి దాచి ఉంచుతుంది. మీరు మళ్లీ దరఖాస్తు చేసిన రోజున పాత ఫైలు తెరుచుకుంటుంది. అందులో 'ఆఫర్‌ను గడువులోగా వదులుకున్నారు' అని ఉంటే నష్టం లేదు. 'చేరతానని రాలేదు' అనో, 'చెప్పిన కారణం నిజం కాదు' అనో ఉంటే కష్టం.

ఆఫర్ పంపిన హెచ్ఆర్ అధికారికి వీలైతే ముందు ఫోన్ చేసి రెండు నిమిషాల్లో విషయం చెప్పండి. తర్వాత ఆఫర్ వచ్చిన మెయిల్‌కే జవాబుగా రాసి, టీమ్ లీడ్ గారితో నేరుగా మెయిల్ పరిచయం ఉంటే ఆయనకూ ప్రతి పెట్టండి. పోర్టల్‌లో తిరస్కరించే బటన్ ఉంటే అదీ నొక్కండి, కానీ మెయిల్ లేకుండా బటన్‌తో సరిపెట్టవద్దు. మీరు మెయిల్‌ను ఆంగ్లంలోనే పంపుతారు కనుక, దాని సారం ఎలా ఉండాలో తెలుగులో ఇస్తున్నాను.

"గౌరవనీయులైన … గారికి, నమస్కారం. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. మీ ఆఫర్ అందేలోపే నేను మరొక సంస్థలో చేరడానికి అంగీకరించాను. ఆ మాటకు కట్టుబడి ఉండదలచినందున మీ ఆఫర్‌ను స్వీకరించలేకపోతున్నాను. రెండో రౌండ్‌లో టీమ్ లీడ్ గారు నా పొరపాటును చూపి, సరైన పద్ధతిని వివరించిన తీరు నాకు ఎంతో ఉపయోగపడింది. తగిన అనుభవం సంపాదించాక మీ బృందంలో ఖాళీ ఏర్పడితే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని ఉంది. వెరిఫికేషన్ కోసం నేను ఇచ్చిన పత్రాలపై ఇక చర్య అవసరం లేదు. భవదీయురాలు…"

ఇందులో తలుపును తెరిచి ఉంచేది టీమ్ లీడ్ గారి గురించిన వాక్యం. 'భవిష్యత్తులో కలిసి పనిచేద్దాం' అనే మాట ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది కనుక దాన్ని ఎవరూ గుర్తుంచుకోరు. ఏ రౌండ్‌లో ఏం నేర్చుకున్నారో రాస్తే, మీరు నిజంగా విన్నారని ఆయనకు తెలుస్తుంది. ఆ పొరపాటు ఏమిటో మీకు గుర్తుంటే దాన్నే పేరుపెట్టి రాయండి. అవతలి సంస్థ పేరు, జీతం రాయనవసరం లేదు. అవి ఉంటే బేరానికి పిలిచినట్లు ఉంటుంది. 'ప్రస్తుతానికి ఆలోచిస్తున్నాను' వంటి మాటలూ వద్దు, ఎందుకంటే చదివినవారికి మీరు కాదన్నారో లేదో అర్థం కాదు.

మెయిల్ చూసి హెచ్ఆర్ వారు ఫోన్ చేసి జీతం పెంచుతామని అడిగే అవకాశం ఉంది. అప్పుడు, "నేను ముందే అంగీకారం తెలిపాను, అది జీతం గురించిన నిర్ణయం కాదు" అని ఒక్కసారి చెప్పి, అడిగినందుకు ధన్యవాదాలు తెలపండి. బెంగళూరులో చేరి ఆరు నెలలయ్యాక, మీరు అక్కడ ఏ పని చేస్తున్నారో రెండు వాక్యాల్లో టీమ్ లీడ్ గారికి లింక్డ్‌ఇన్‌లో రాయండి. ఆ సందేశంలో ఉద్యోగం మాత్రం అడగవద్దు.