గ్రామ్ నెగటివ్ వచ్చిందన్నారు, మరి మందు ఎందుకు పెంచారు?

ప్రశ్న: మా బాపుకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. చలిజ్వరం, మూత్రంలో మంట ఉంటే హన్మకొండలో ఒక ఆస్పత్రిలో చేర్పించినం. కాలికి పుండు కూడా ఉంది. మొదటిరోజు సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్ ఇచ్చిన్రు. తెల్లారి బ్లడ్ కల్చర్‌ల 'గ్రామ్ నెగటివ్ బాసిల్లై' వచ్చిందని ఆ రెండూ ఆపి మెరోపెనెమ్ మొదలుపెట్టిన్రు. నెగటివ్ అంటే క్రిములు లేనట్టే కదా, ఇంకా ఖరీదైన మందు ఎందుకు? పూర్తి రిపోర్టుకు ఇంకో రెండు రోజులంట, అప్పటిదాకా ఆగొచ్చు కదా?
– ఓ పాఠకుడు, పరకాల

సమాధానం: క్రిములు లేకపోవడం కాదండి, రక్తంలోనే దొరికాయి. డెంగీ నెగటివ్ అన్నట్టు కాదిది. గ్రామ్ అనేది 1884లో ఈ పరీక్ష కనిపెట్టిన డెన్మార్క్ డాక్టర్ పేరు, పాజిటివ్, నెగటివ్ అనేవి క్రిమి రంగును పట్టి ఉంచుతుందా వదిలేస్తుందా అన్నదానికి గుర్తులు, అంతే.

ల్యాబ్‌లో జరిగింది చెప్తాను. మీ బాపు రక్తాన్ని పోషకాలున్న సీసాలో పోసి వెచ్చగా ఉంచారు. క్రిములు పెరిగాయని తెలియగానే అందులోంచి ఒక చుక్క గాజు స్లైడ్ మీద పరిచి, ఆరబెట్టి, ముందు క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు, తర్వాత అయోడిన్ పోస్తారు, ఒక్కోటి ఒక నిమిషం. ఈ రెండూ కలిసి క్రిమి లోపల పెద్ద ముద్దలా తయారవుతాయి. ఇక్కడిదాకా అన్ని క్రిములూ ఊదాగానే ఉంటాయి. అసలు తేడా తర్వాత కొన్ని సెకన్లు ఆల్కహాల్‌తో కడిగినప్పుడు బయటపడుతుంది. గోడ మందంగా ఉన్న క్రిమిలో ఆల్కహాల్‌కు ఆ గోడ బిగుసుకుపోయి రంగు లోపలే చిక్కుకుంటుంది, మన కొత్తవాడ జంపఖానాకు పట్టిన రంగులాగ. అది గ్రామ్ పాజిటివ్. గోడ పల్చగా ఉండి, దాని మీద కొవ్వుతో కూడిన ఇంకో పొర ఉన్న క్రిమిలోనైతే ఆ పొర కరిగి ఊదారంగు కారిపోతుంది. చివర్లో వేసే సాఫ్రనిన్‌తో అది గులాబీరంగులో కనిపిస్తుంది. అదే గ్రామ్ నెగటివ్. బాసిల్లై అంటే సన్నటి కడ్డీల్లా ఉన్నాయని.

ఆల్కహాల్ పోసేచోటే పొరపాటుకు వీలుంది. కాసేపు ఎక్కువ ఉంచితే పాజిటివ్ క్రిమి కూడా రంగు పోయి గులాబీగా కనబడుతుంది, అందుకే తెలిసిన క్రిములతో ఒక స్లైడ్ పక్కనే చేసి పోల్చి చూస్తారు.

ఇప్పుడు మందు సంగతి. మొదటిరోజు జ్వరం కాలి పుండు నుంచా, మూత్రం నుంచా అన్నది తేలలేదు, కాబట్టి రెండు వైపులా కాపు కాశారు. పుండ్లలో తరచుగా ఉండే స్టెఫైలోకాకస్ గ్రామ్ పాజిటివ్, గుత్తులు గుత్తులుగా గుండ్రంగా ఉంటుంది, దానికోసం వాంకోమైసిన్. స్లైడ్ మీద గులాబీ కడ్డీలు కనబడగానే లెక్క మూత్రం వైపు మొగ్గింది, ఎందుకంటే మూత్రనాళపు ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువగా ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా ఇలాగే కనిపిస్తాయి. వాంకోమైసిన్ అణువు చాలా పెద్దది, నెగటివ్ క్రిమి బయటి పొర దాటి లోపలికి పోలేదు. పనిచేయని మందును, అదీ షుగర్ ఉన్నాయన కిడ్నీల మీద భారం వేసేదాన్ని, ఆపడమే మంచిది.

సెఫ్ట్రియాక్సోన్ నెగటివ్ క్రిముల మీద పనిచేసే మందే. కానీ మన దేశంలో ఈ.కోలై చాలాచోట్ల దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకుంటోంది. ఆ ఎంజైమ్ ఉందా లేదా అన్నది రంగు చూసి తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తేల్చే సెన్సిటివిటీ రిపోర్టే చెప్పాలి. అప్పటిదాకా ఆగుదామంటే ఈ క్రిముల బయటి పొరలోని విషపదార్థం వల్ల బీపీ గంటల్లో పడిపోవచ్చు. రక్తంలో గ్రామ్ నెగటివ్ కడ్డీలు కనబడితే చర్మం మీది క్రిమి పొరపాటున కలిసిందేమో అని పక్కన పెట్టడానికి లేదు, దాదాపు ఎప్పుడూ అది నిజమైన ఇన్‌ఫెక్షనే. అందుకే ఆ ఎంజైమ్‌కు లొంగని మెరోపెనెమ్ ఎంచుకున్నారు, నేనున్నా అదే చేసేవాణ్ని. అయితే మెరోపెనెమ్‌కు కూడా లొంగని క్రిములు ఉన్నాయి, కాబట్టి ఫైనల్ రిపోర్టు వచ్చేదాకా మీ బాపు బీపీ, జ్వరం, మూత్రం ఎంత వస్తోంది అన్నవి చూస్తూనే ఉంటారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టర్‌గారిని ఒకటి అడగండి: ఇంతకన్నా చిన్న మందుకు దిగొచ్చా అని. సెఫ్ట్రియాక్సోన్ పనిచేస్తుందని వస్తే మళ్లీ దానికే మార్చొచ్చు, మెరోపెనెమ్‌ను అవసరమైన రోజులకు దాచుకున్నట్టూ అవుతుంది. జ్వరం తగ్గి, మూత్రానికి అడ్డు ఏమీ లేకపోతే మొత్తం 7 రోజుల కోర్సు చాలామందికి సరిపోతుంది. సరైన మందు పడ్డ మూడు రోజులకు కూడా చలిజ్వరం వస్తుంటే మాత్రం ఇంకో ఇంజెక్షన్ మార్చేముందు కిడ్నీల స్కాన్ చేయించమనండి, రాయి అడ్డుపడినా, చీము చేరినా ఎంత పెద్ద మందైనా ఒక్కటే పనిచేయదు.