పాత ఆడిటర్ పేపర్లు చూపించనంటే ఓపెనింగ్ బ్యాలెన్స్‌ల సంగతేంటి?

ప్రశ్న: ఈ ఏడాదే ఒక కంపెనీ ఆడిట్ తీసుకున్నానండి. పాత ఆడిటర్ వర్కింగ్ పేపర్లు చూపించనంటున్నారు. ఓపెనింగ్ స్టాక్ లెక్కపెట్టినప్పుడు నేను లేను. ఆయన క్లీన్ రిపోర్టే ఇచ్చారు కదా, దాన్ని నమ్మి సంతకం పెట్టేయొచ్చా?

జవాబు: అలా పెట్టకండి. ఆయన రిపోర్ట్ మీరు చదవాల్సిందే, కానీ ఈ ఏడాది లాభం మీద సంతకం మీది, ఓపెనింగ్ స్టాక్ తప్పయితే ఆ లాభమూ తప్పే. ఐఎస్ఏ 510 అడిగేది కూడా ఇదే, ఓపెనింగ్ అంకెలకి మీ దగ్గర సరిపడా ఆధారం ఉండాలని.

పేపర్ల విషయానికొస్తే, మీ చోటి చట్టం వేరేలా చెబితే తప్ప అవి ఆయన సొంతం, బలవంతంగా తీసుకోలేరు. క్లయింట్ రాతపూర్వకంగా పర్మిషన్ ఇస్తే తప్ప ఆయన నోరు విప్పకపోవడమూ సబబే, అది గోప్యత బాధ్యత. అందుకే ముందు క్లయింట్ నుంచి ఆ పర్మిషన్ లెటర్ తీసుకుని, మేనేజ్‌మెంట్‌తో ఏవైనా గొడవలు వచ్చాయా, ఈ ఆడిట్ ఒప్పుకునేముందు నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా అని ఆయనకి రాయండి. నిజానికి ఆడిట్ ఒప్పుకోకముందే రాయాల్సిన లెటర్ ఇది, రాశారో లేదో మీరు చెప్పలేదు, రాయకపోతే ఈరోజే రాయండి. క్లయింటే పర్మిషన్ ఇవ్వనంటే మాత్రం ఎందుకో గట్టిగా అడగాలి, నేనైతే అక్కడే ఆగిపోతాను.

ఆయన ఏమీ ఇవ్వకపోయినా స్టాక్‌కి ఒక దారి ఉంది, ఇప్పుడు లెక్కపెట్టి వెనక్కి నడవడం. మీ ఎదురుగా లెక్కపెడితే 6,200 పీసులు వచ్చాయనుకోండి, ఏడాది మొదటి నుంచి ఇప్పటిదాకా గోడౌన్‌లోకి వచ్చినవి 9,000, బయటికి పోయినవి 8,300. పోయినవి కలిపి వచ్చినవి తీసేస్తే ఓపెనింగ్ 5,500 ఉండాలి, పుస్తకాల్లో 6,700 ఉంది. అంటే 1,200 పీసులు లేనివి ఉన్నట్టు చూపించారేమో, అలాగైతే పోయినేడు లాభం పెరిగి ఈ ఏడు తగ్గుతుంది. కాకపోతే ఈ లెక్కంతా రసీదులు, డిస్పాచ్ చలాన్ల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఏడాది చివరి వారం, కొత్త ఏడాది మొదటి వారం చలాన్ల తేదీలు ఒక్కొక్కటీ చూడండి, నంబర్లు మధ్యలో ఎగిరిపోతే వెనక్కి లెక్క నిలవదు. పీసుల లెక్క కుదిరినా రేటు వేరే చూడాలి, పాత కొనుగోలు బిల్లులతో. కస్టమర్ల బాకీలు అంత కష్టం కాదు, ఈ ఏడాది వసూలైన డబ్బు పాత బిల్లులదేనా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది.

తేడా నిజమేనని తేలితే మేనేజ్‌మెంట్‌కి, బోర్డుకి చెప్పి, పాత ఆడిటర్‌కి కూడా తెలియజేయమని అడగండి. ఆధారమే దొరకలేదనుకోండి, లాభనష్టాలు, క్యాష్ ఫ్లో మీద క్వాలిఫైడ్ ఒపీనియన్, పరిస్థితి మరీ చేయిదాటితే డిస్‌క్లైమర్ ఇచ్చి, క్లోజింగ్ స్టాక్ మీరే చూశారు కాబట్టి బ్యాలెన్స్ షీట్ మీద మాత్రం క్లీన్ ఇవ్వొచ్చు, మీ చోటి చట్టం అలా విడదీయొద్దు అనకపోతే. పోయినేడు వేరే ఆడిటర్ చేశారని, ఆయన ఏ ఒపీనియన్ ఏ తేదీన ఇచ్చారని మీ రిపోర్టులో రాసినంత మాత్రాన ఆ 1,200 పీసుల బాధ్యత ఆయన మీదకి పోదండి.