బిల్లులు పెట్టినా సెల్లర్ అకౌంట్ అప్పీల్ తిరస్కరించారు

ప్రశ్న: ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లో నేను అమ్మేది ఒరిజినల్ సరుకే. ఎవరో నకిలీ అని ఫిర్యాదు చేశారట, సెల్లర్ అకౌంట్ సస్పెండ్ చేశారు. ఉన్న బిల్లులన్నీ పెట్టి అప్పీల్ చేస్తే ‘సమాచారం సరిపోదు’ అని మెయిల్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: నాకూ అచ్చం ఇలాంటి మెయిలే వచ్చింది. తీరా చూస్తే చిక్కు సరుకు దగ్గర లేదు, పేరు దగ్గర ఉంది. అకౌంట్ నా పేరు మీద ఉంటే, హోల్‌సేలర్ ఇచ్చిన ఇన్వాయిస్‌లో కొన్నవారి పేరు చోట మా దుకాణం పేరు ఉంది. మనకు రెండూ ఒకటే కానీ, ఫైలు చూసేవాళ్లకు అది ఎవరిదో బిల్లు. ఆ దుకాణం యజమానిని నేనేనని చూపించే వ్యాపార రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జతచేశాకే కేసు కదిలింది. మీ అకౌంట్‌లోని పేరు, అడ్రస్, బిల్లులోవి పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

తర్వాత చూడాల్సింది లెక్క. నోటీసులో ఏ ప్రొడక్ట్ పేరుందో దాని బిల్లులే పంపండి, మిగతావి గందరగోళం పెంచుతాయి. ఫిర్యాదు రాకముందు కొన్నవై ఉండాలి, అమ్మినన్ని పీసులైనా వాటిలో కనిపించాలి. 180 అమ్మి 100కే బిల్లు చూపిస్తే మిగిలిన 80 ఎక్కడివని అడుగుతారు. ప్రొఫార్మా ఇన్వాయిస్ పనికిరాదు, అది ధర చెప్పే కాగితమే గానీ కొన్నట్టు రుజువు కాదు. బిల్లులో పొట్టి కోడ్ మాత్రమే ఉంటే, ఆ కోడ్ మీ లిస్టింగ్‌లో ఏ ప్రొడక్టో ఒక లైన్‌లో రాయండి. కాగితం నాలుగు మూలలూ కనిపించేలా స్కాన్ చేయండి. పీడీఎఫ్‌లో దేన్నీ దిద్దొద్దు, అసలు బిల్లు మీద కూడా ఫోర్జరీ అనుమానం వస్తుంది.

అప్పీల్ లెటర్ సగం పేజీ చాలు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు చాలావరకు ‘మా తప్పు జరిగింది, ఇకపై జరగదు’ అంటూ మొదలవుతాయి. మీరు నకిలీ అమ్మనప్పుడు అలా రాయకండి, అది ఒప్పుకున్నట్టు రికార్డులో ఉండిపోతుంది. ఫలానా ఆరోపణ సరికాదు, దానికి రుజువు ఫలానా ఫైలు, అంతే.

అకౌంట్‌లోకి లాగిన్ అయి, అదే కేసులో జవాబివ్వండి, మెయిల్‌లో వచ్చిన లింక్ నొక్కి కాదు. సస్పెండైన సెల్లర్లకు దొంగ మెయిళ్లు కూడా వస్తాయి. టెన్షన్‌లో ఇంకో అకౌంట్ తెరిచారో, నిబంధనలు తప్పించుకుంటున్నారని అదీ మూసేస్తారు, అసలు కేసూ పాడవుతుంది. డబ్బిస్తే తెరిపిస్తామంటూ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగేవాళ్ల జోలికి అసలు పోవద్దు.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. పరిశీలించేవాళ్లు నేరుగా హోల్‌సేలర్‌కే ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద ఉన్న నంబర్ పనిచేస్తోందో లేదో చూసి, ఎవరైనా అడిగితే ఆ బిల్లు నంబర్ తమదేనని చెప్పమని ముందే వాళ్లకు చెప్పి ఉంచండి.