వార్షిక నివేదిక పట్టికల్లో అంకెలు ఒకదాని కింద ఒకటి ఎందుకు కుదరవు?

ప్రశ్న: బెంగళూరులో ఒక చిన్న సేవాసంస్థలో పనిచేస్తున్నాను. ఈసారి వార్షిక నివేదిక పని నాకు అప్పగించారు. ఎక్సెల్‌లో చక్కగా ఉన్న ఆదాయవ్యయాల పట్టిక వర్డ్‌లోకి తెచ్చేసరికి మెట్లు మెట్లుగా కనబడుతోంది. చుట్టూ గీతలు పెడితే ఇంకా గజిబిజిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

గీతల సంగతి ఇప్పటికి పక్కన పెట్టి ముందుగా అంకెలను సరిచేయండి. అంకెలు కుదిరితే చాలా గీతల అవసరమే ఉండదు.

నేను రాజాజీనగర్‌లో ఒక ముద్రణశాలకు చాలాకాలంగా పేజీలు కూరుస్తున్నాను. ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పనంతా వార్షిక నివేదికలే. మొదట్లో నేనూ అంకెలన్నీ గడి మధ్యలోనే పెట్టేదాన్ని, చూడటానికి పొందికగా ఉంటుందని. ఒక ట్రస్టు కోశాధికారి, పెద్దాయన, ప్రూఫు చేతిలోకి తీసుకుని మొత్తం దగ్గర స్టీలు స్కేలు నిలువుగా ఆనించారు. "అమ్మా, ఇందులో వందల స్థానం ఎక్కడుందో చూపించు" అన్నారు. 112.05, 48.6, 3.42 ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, కానీ ఏ రెండు బిందువులూ ఒకే నిలువు గీత మీద లేవు. నేను చూపించలేకపోయాను. పద్దులు చదివేవాళ్లు అంకెను అడ్డంగా చదవడం కంటే ముందు నిలువుగా పోల్చి చూస్తారని ఆ రోజు అర్థమైంది. ఏది పెద్దదో, ఏది చిన్నదో వాళ్లకు పొడవును బట్టే తెలియాలి.

ఆ పట్టికలోని వరుసలు దాదాపు ఇవి, లక్షల రూపాయల్లో: విరాళాలు 48.60, వడ్డీ 3.42, శిక్షణ రుసుములు 112.05, మొత్తం ఆదాయం 164.07, ఖర్చు 166.22, లోటు 2.15. సరిచేశాక అంకెల వరుస ఇలా నిలబడాలి:

```
 48.60
  3.42
112.05
164.07
166.22
 (2.15)
```

ఇందులో రెండు విషయాలు గమనించండి. 48.6 కాస్తా 48.60 అయింది. ఒక నిలువు వరుసలో దశాంశ స్థానాలు అన్నిటికీ సమానంగా ఉండాలి, చివరి సున్నాను వదిలేయకూడదు. రెండోది, లోటుకు పెట్టిన కుండలీకరణంలో చివరి గుర్తు అంకెల అంచు దాటి కుడివైపు బయట నిలిచింది. దాన్ని కూడా లోపలికి లెక్కవేసి కుడి అంచుకు సర్దితే 2.15 మొత్తం ఒక గుర్తు మేర ఎడమకు జరిగిపోతుంది. మీరు చూస్తున్న మెట్లకు చాలాసార్లు కారణం ఇదే.

ఎక్సెల్‌లో ఈ ఇబ్బంది కనబడకపోవడానికి దాని ఫార్మాటే కారణం. సాధారణంగా ఇలా ఉంటుంది:

```
#,##0.00_);(#,##0.00)
```

ఇందులోని `_)` ధన సంఖ్యల చివర కుండలీకరణం వెడల్పంత ఖాళీ వదులుతుంది. వర్డ్‌లోకి అతికించినప్పుడు ఆ కొలిచిన ఖాళీ పోయి మామూలు స్పేసు ఒకటి మిగులుతుంది. స్పేసు వెడల్పు, కుండలీకరణం వెడల్పు ఒకటి కావు కాబట్టి అంకెలు కొద్దికొద్దిగా పక్కకు తప్పుతాయి. చాలామంది ఇంకో రెండు స్పేసులు కొట్టి సర్దుతారు. దయచేసి ఆ పని చేయకండి. అక్షరాల పరిమాణం మారిన రోజున అంతా మళ్లీ చెదురుతుంది.

వర్డ్‌లో దీనికి సరైన సాధనం డెసిమల్ ట్యాబ్. ఆ నిలువు వరుసలోని అంకెల గడులన్నీ ఎంచుకుని ఎడమ అంచుకు సర్దండి. రూలరు ఎడమ చివర ఉన్న చిన్న గుర్తును `Decimal Tab` వచ్చేదాకా నొక్కి, తర్వాత రూలరు మీద బిందువు ఎక్కడ రావాలో అక్కడ ఒకసారి నొక్కండి. గడిలో ట్యాబ్ మీట నొక్కనక్కరలేదు, అంకెలే వచ్చి ఆ బిందువు దగ్గర నిలబడతాయి. వెనకున్న స్పేసైనా, కుండలీకరణమైనా బిందువుకు కుడివైపే ఉంటాయి కాబట్టి ఇక ఇబ్బంది పెట్టవు. గడి కుడికో మధ్యకో సర్ది ఉంటే మాత్రం ఇది పనిచేయదు. చాలామంది చిక్కుకునేది అక్కడే.

ఇంత చేసినా వరుస సన్నగా వణుకుతున్నట్టు ఉంటే తప్పు ఫాంటుది. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. వాక్యంలో అది అందమే, పట్టికలో మాత్రం పనికిరాదు. 1111 అని ఒక పంక్తిలో, దాని కిందే 8888 అని కొట్టి చూడండి. రెండూ ఒకే చోట ముగిస్తే ఫాంటు పట్టికకు పనికొస్తుంది. ముగియకపోతే `Ctrl+D` నొక్కి, `Advanced` లో `Number spacing` ను `Tabular` చేయండి, `Number forms` ను `Lining` చేయండి. ఫాంటులో ఆ అంకెలు అసలే లేకపోతే ఏ మార్పూ రాదు, అప్పుడు పట్టికలకు వేరే ఫాంటు తీసుకోవాలి.

కామాల గురించి ఒక మాట. పూర్తి రూపాయల్లో వేస్తే మీ కంప్యూటర్‌లో 1,12,05,000 అని కనబడిన అంకె, అమెరికా పద్ధతి అమర్చిన మరో కంప్యూటర్‌లో 11,205,000 అయిపోతుంది. ఎక్సెల్ కామాలను విండోస్ అమరికను బట్టి వేస్తుంది. ఒకే నివేదికలో రెండు పద్ధతులూ అచ్చయిన సందర్భాలు చూశాను. లక్షల్లో వేస్తే ఈ బెడద దాదాపు పోతుంది, ఎందుకంటే 99,999 లక్షల దాకా రెండు పద్ధతుల్లోనూ కామా ఒకే చోట పడుతుంది. అయితే ఒక్కో పద్దును విడిగా రెండు దశాంశ స్థానాలకు కుదించి రాశాక మొత్తం 0.01 తేడా రావచ్చు. మొత్తాన్ని అసలు రూపాయల నుంచే తీసుకోండి, ఆ తేడా గురించి పట్టిక కింద ఒక పంక్తి రాయండి.

ఇప్పుడు గీతలు. నిలువు గీతలన్నీ తీసేయండి. అంకెల అంచే నిలువు గీత పని చేస్తుంది. అడ్డంగా శీర్షికల కింద ఒకటి, మొత్తం పైన ఒకటి, పట్టిక చివర ఒకటి ఉంటే చాలు. మందం అర పాయింటు. తేలికగా కనబడాలని బూడిద రంగు ఎంచుకోకండి. తెర మీద బాగుంటుంది కానీ, ఆఫ్‌సెట్ ముద్రణలో బూడిద రంగు నల్ల చుక్కలుగా పడుతుంది, సన్నటి గీత తెగిపోయినట్టు కనబడుతుంది. సన్నటి గీతకు నిండు నలుపే మంచిది. గీతలు తీసేసిన చోట వరుసల మధ్య రెండు మూడు పాయింట్ల ఖాళీ ఇవ్వండి. పట్టికను పేజీ వెడల్పంతా సాగదీయకండి కూడా. "వడ్డీ" అన్న మాటకూ 3.42కూ మధ్య జానెడు ఖాళీ ఉంటే కన్ను పక్క వరుసలోకి జారిపోతుంది.

శీర్షికలను వాటి కింది అంకెల వైపే, అంటే కుడికి సర్దండి. "₹ లక్షల్లో" అన్నది ప్రతి నిలువు వరుసకూ వద్దు, పట్టిక పైన కుడి మూల ఒక్కసారి చాలు. అప్పుడు శీర్షికలో 2023–24, 2022–23 మాత్రమే మిగులుతాయి. ఆస్తిఅప్పుల పట్టికలో మాత్రం "31 మార్చి 2024 నాటికి" అని పూర్తిగా ఉండాలి, అది ఏడాది లెక్క కాదు, ఆ ఒక్క రోజు నాటి లెక్క. దాన్ని రెండు పంక్తులుగా విరిచి, శీర్షికలన్నిటినీ గడి అడుగుకు ఆనించండి. చోటు చాలలేదని అక్షరాలను నిలువుగా తిప్పితే చదివేవాళ్లు నివేదికను తిప్పుకోవలసి వస్తుంది.

ముద్రణకు ఇచ్చే ముందు ఒక పేజీని అచ్చు సైజులోనే కాగితం మీద తీసి, దశాంశ బిందువుల వెంట స్కేలు నిలువుగా ఆనించి చూడండి. పక్కకు తప్పిన బిందువు వెంటనే దొరుకుతుంది.