యాంబిషస్ కార్డ్ చేస్తావంట కదా చిన్నా

చిన్నా, అక్క రిసెప్షన్‌లో యాంబిషస్ కార్డ్, అదే మధ్యలో దూర్చిన ముక్క మళ్ళీమళ్ళీ పైకొచ్చే పేక ట్రిక్, చేస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, సంతోషమేసింది, వెంటనే గుబులు కూడా పట్టుకుంది, మన చుట్టాల సంగతి తెలుసుగా, మధ్యలో చెయ్యిపెట్టి పేక లాక్కుంటారు.

ముక్క తీయించు, మార్కర్‌తో సంతకం పెట్టించు, ఆరనివ్వు. 1922లో షికాగోలో డై వెర్నన్ అనే మెజీషియన్ సాటి మెజీషియన్ హుడినీకి ఈ ట్రిక్కే చేశాడు, ముక్క మీద హుడినీ ఇనిషియల్స్ ఉన్నాయి, మళ్ళీమళ్ళీ చూసినా ఆయన పట్టుకోలేకపోయాడు. సంతకం ఉంటే అలాంటిదే ఇంకో ముక్క ఉందనే అనుమానం మొదట్లోనే పోతుంది.

ఇప్పుడు నీ వీడియో సంగతి. రెండు ముక్కల్ని ఒకటే అన్నట్టు తిప్పే డబుల్ లిఫ్ట్‌లో ముక్కలు జారలేదు, అది బాగుంది. కానీ ప్రతిసారీ తిప్పే ముందు మాట ఆపేసి, పేక మీదకి తలొంచి, బొటనవేలితో మూల గీకుతున్నావురా! ఇక్కడేదో జరుగుతోందని నువ్వే చెప్తున్నట్టు అవ్వలేదా? చిటికెన వేలితో పట్టే సన్నటి సందు, ఆ బ్రేక్ ముందే ఉండాలి. సంతకం చూసి జనం నవ్వుతున్నప్పుడు, నువ్వు వాళ్ళ మొహాలు చూస్తూ పేక సర్దినట్టు చేసి పైరెండు ముక్కల కింద బ్రేక్ పట్టేసెయ్. తిప్పేటప్పుడు ఇక పని ఏమీ మిగలకూడదు, ఒక ముక్కని ఎలా తిప్పుతావో అలాగే. అద్దం ముందు కాదు, టీవీ చూస్తూ సాధన చెయ్యి, చూపు దానంతటదే పైకి లేస్తుంది.

వరుస చెప్తా. సంతకం ముక్కని పైనుంచి రెండోది చేసుకో, డబుల్ తిప్పి చూపించు, మళ్ళీ బోర్లించి పైముక్కని మధ్యలో దూర్చు, చిటికె వెయ్, పైన ఒక్కదాన్నే తిప్పు. ఇప్పుడు పేకలో దాచేదేం లేదు, ఆ లాక్కునే మావయ్య చేతికి నువ్వే ఇచ్చెయ్, ఈ చోటు మర్చిపోకు. రెండోసారి టిల్ట్, సంతకం ముక్కే మధ్యలోకి వెళ్ళినట్టు కనిపిస్తుంది, నిజానికి పైముక్క కిందకే వెళ్తుంది, అందుకే మొదటిసారి వచ్చిన అనుమానానికి ఇది జవాబు. మళ్ళీ డబుల్ తిప్పి చూపించు, ఈసారి ఆ రెండిటినీ కలిపి నిలువుగా వంచి పెట్టు, పైముక్క మధ్యలోకి, కింది వంపుని వేలితో నొక్కి వదిలితే సంతకం ముక్క ఎగిరి లేస్తుంది. అక్కడితో ఆపు, నాలుగోసారి వద్దు.

మాటలకి పెళ్ళే ఉందిగా. ప్రతి ఫోటోలోకీ దూరే బావ ఒకడున్నాడని మొదలెట్టు. వెనక వరసలో కూర్చోబెట్టాం, స్టేజీ మీదకొచ్చాడు. భోజనాలకి పంపాం, మళ్ళీ వచ్చాడు. ఆఖర్న నడ్డి వంచి కూర్చోబెట్టాం అంటూ ముక్క వంచు, జనం వంపు గురించి ఆలోచించరు, ఆ బావ గురించే నవ్వుతారు.

ఆ రోజు ఏసీ హాల్లో వేళ్ళు పొడిబారితే డబుల్ విడిపోతుంది, అది నా పెద్ద భయం, ముందు గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కుని తుడుచుకో బంగారం. ఆదివారం లోపు ఇంకో వీడియో పంపు, నీ మొహం, చేతులు రెండూ కనిపించేలా తీయించు.

మీ పెదనాన్న