‘ముఖ్య పాత్ర పోషిస్తుంది’ అంటే ఏం చెప్పినట్టు?

సందేహం: తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. ‘సమాజ గుర్తింపును రూపొందించడంలో గంగమ్మ జాతర ముఖ్య పాత్ర పోషిస్తుంది’ అని పత్రం మొదట్లో రాశాను. థీసిస్ స్టేట్‌మెంట్ స్పష్టంగా లేదని మా గైడ్ తిప్పి పంపారు. ఈ వాక్యంలో తప్పేముందండీ?

సమాధానం: వ్యాకరణం తప్పు లేదమ్మా. చిక్కంతా క్రియ దగ్గర ఉంది. తెలుగు వాక్యం బరువు చివర మోస్తుంది. మీరు అక్కడ ‘పాత్ర పోషిస్తుంది’ అని పెట్టారు. ఏ పాత్ర? జాతర తీసేసి సంక్రాంతి అని పెట్టినా మీ వాక్యం చెక్కు చెదరదు. దాన్ని ‘కాదు’ అనడానికి ఎవరికీ సందివ్వలేదు.

మన తర్కశాస్త్రంలో థీసిస్ స్టేట్‌మెంట్‌కు పాత పేరుంది, ప్రతిజ్ఞ. శపథం కాదు, నిరూపించబోయే మాట. ‘కొండ మీద నిప్పుంది’ అన్నది ప్రతిజ్ఞ, ‘పొగ కనిపిస్తోంది కాబట్టి’ అన్నది హేతువు. ‘కొండను పరిశీలిస్తాను’ అంటే అది ప్రతిజ్ఞ కాదు. చాలా పత్రాలు ఇక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు ప్రతిజ్ఞ అంటే బడిలో చేయి చాచి చెప్పేదే గుర్తొస్తుంది కనుక ‘ప్రతిపాదన’ అనండి.

ఇంకో ఇబ్బంది ‘సమాజ గుర్తింపు’. గుర్తింపు కార్డు, ప్రభుత్వ గుర్తింపు అనే అలవాటు వల్ల, జాతరతో సమాజానికి పేరొచ్చిందని కూడా అర్థమవుతుంది. మీరు చెప్పదలచింది ‘మేం ఫలానా’ అనుకోవడం. అస్తిత్వం అనవచ్చు. నన్నడిగితే ‘ఊరివాళ్లం అనుకోవడం’ అంటే ఇంకా తేట. సమాజమంటే ఎవరో కూడా తేలాలి. వేషాలు కట్టే కైకాల కుటుంబాలా, మొక్కుకుని వేషం వేసుకునే జనమా, తిరుపతి వాళ్లంతానా?

జాతర మొత్తం వద్దు, ఒక్క ఘట్టం తీసుకోండి. చాటింపు ఉంది కదా. అది వేశాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని కట్టడి. ఇప్పుడు రాసి చూడండి: ‘చాటింపు తర్వాత పొలిమేర దాటకూడదన్న కట్టడిని పాటించడం వల్ల, వేరే ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా తమను తిరుపతి ఊరివాళ్లుగా లెక్కించుకుంటాయి.’ ఎవరు, దేనివల్ల, ఏమవుతున్నారు అన్న మూడూ ఇందులో ఉన్నాయి. ‘వల్ల’ అన్న చిన్న మాటే మీ హేతువును మోస్తోంది, దాన్ని ‘సందర్భంగా’ అని మార్చారో, వాదం జారిపోయి వర్ణన మిగులుతుంది.

ఇది అబద్ధమని తేలే వీలుంది, అదే దీని బలం. పాతకాలపు వీధుల్లో ఉన్నవాళ్లనూ, కొత్త కాలనీల్లో అద్దెకున్నవాళ్లనూ అడగండి. ‘అది ఊరివాళ్లకండీ, మాకు కాదు’ అని అద్దెవాళ్లు అంటే మీ పత్రం పాడైనట్టు కాదు. అప్పుడు క్రియ మారుతుంది: ఆ కట్టడి కలపడం లేదు, పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ విడదీస్తోంది. ప్రతిపాదనను పెన్సిల్‌తో రాసుకుని, వాళ్ల మాటలు విన్నాక పెన్నుతో దిద్దండి.